అపోహలు - వాస్తవాలు: బెజ్జం సన్నగా ఉంటే బస్రా ముత్యమేనా?

చెన్నై సౌకార్‌పేటలో ముత్యాలు, రాళ్లు పరీక్ష చేస్తుంటాను. ఇప్పుడు సగం మంది ముందు ఫొటోలే పంపుతున్నారు. మొన్న టి.నగర్ నుంచి ఒకావిడ ఒంటిపేట దండ ఫొటోలు పంపి, "అమ్మమ్మ నాటి బస్రా ముత్యాలండీ, బెజ్జాలు చూడండి ఎంత సన్నగా ఉన్నాయో" అన్నారు. బస్రా అంటే పర్షియన్ గల్ఫ్‌లో సహజంగా దొరికిన ముత్యాలు.

అపోహ: బాగా మెరిస్తే అసలుది.

వాస్తవం: ఫ్లాష్ వేస్తే గాజుపూసా మెరుస్తుంది. మెరుపు వదిలేసి పైపొర చూడండి. పదిరెట్ల లెన్స్ ఫోన్ కెమెరాకి ఆనించి, టార్చి పక్కనుంచి వేసి తీయండి. నకిలీ మీద పూత గరుకుగా, కోడిగుడ్డు పెంకులా కనిపిస్తుంది. బెజ్జం అంచున గోళ్లరంగు పెచ్చులూడినట్టు లేచి ఉంటుంది, లోపల గాజు తళుక్కుమంటుంది. ఆవిడ దండలో అలాంటిది ఒక్కటీ లేదు. అంటే నకిలీ కాదు, అంతవరకే.

అపోహ: బెజ్జం సన్నగా ఉంటే సహజ ముత్యం.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. సహజ ముత్యాన్ని బరువు తూచి అమ్మేవారు, అందుకే తొలిచేవాడు పొడి వీలైనంత తక్కువ రాలేలా చూసుకునేవాడు. బెజ్జం తరచు 0.3, 0.4 మిల్లీమీటర్లే. మనుషులు పెంచే కల్చర్డ్ ముత్యానికి మామూలుగా 0.6 పైనే. ఫొటోలో కొలవడం తేలికే. ఆవిడ ముత్యం అసలు కొలత 4.5 మి.మీ. నా స్క్రీన్ మీద అది 90 మి.మీ., బెజ్జం 7. అంటే అసలు బెజ్జం 0.35. సరిపోయింది. కానీ కొక్కెం దగ్గరి రెండింటికి అదే లెక్కన 0.7 వచ్చింది.

బెజ్జం వెడల్పు ఒక్కటే చూసి తీర్పు చెప్పను. దారం మార్చినప్పుడు పాత బెజ్జాన్ని పెద్దది చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే బెజ్జం గోడ కనిపించేలా, కాస్త వాలుగా మళ్లీ తీయమన్నాను. ఆ రెండింటిలో పైన పల్చటి ముత్యపు పొర, దాని కింద సన్నటి నల్లగీత, ఆ కింద తెల్లటి పూస. ఆల్చిప్ప పెంకుతో చేసిన పూస లోపల పెట్టి పెంచిన కల్చర్డ్ ముత్యాలకు ఉండే గుర్తు ఇది. ఎప్పుడో దండ మళ్లీ గుచ్చినప్పుడు, పోయినవాటి బదులు ఎవరో చేర్చి ఉంటారు. మిగతావాటిలో గీత లేదు, ఉల్లిపాయలా పొర మీద పొర కనిపించింది.

"అయితే మిగతావన్నీ బస్రావేగా?" అన్నారావిడ. ఫొటో అక్కడే ఆగిపోతుంది. చైనా మంచినీటి ముత్యాల్లో చాలావాటికి లోపల పూసే ఉండదు, మాంసపు ముక్క పెట్టి పెంచుతారు. వాటిలోనూ నిండా ముత్యపు పొరే. సన్నటి సూదితో తొలిస్తే సహజ ముత్యంలాగే కనిపిస్తాయి. వాటి మధ్యలో మిగిలే చిన్న ఖాళీ ఎక్స్‌రేలోనే బయటపడుతుంది.

ఆ రెండూ విప్పి పక్కన పెట్టి, మిగతా దండని ల్యాబ్‌కి పంపమన్నాను.