అక్షరం మారకుండానే జన్యువు మూగబోతే: మిథైలేషన్ రిపోర్టు చుట్టూ అపోహలు - వాస్తవాలు

మా ల్యాబులో, జన్యువుల మీది రసాయన గుర్తులను చూసే మిథైలేషన్ పరీక్షకు వచ్చే రక్తం ట్యూబులతో పాటు ఉండే చీటీల మీద దాదాపు ఒకే కథ ఉంటుంది. నెలల బిడ్డ, ఒళ్లంతా వదులు, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటుంది, పాలు చీకే సత్తువ లేదు, గొట్టంతో పట్టిస్తున్నారు. చివర్లో డాక్టరుగారు తాను అనుమానించిన జబ్బు పేరు, ‘ప్రేడర్-విల్లీ?’ అని రాస్తారు. ఆ ప్రశ్నార్థకం తీసేయడమో, ఉంచడమో మా పని. ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగే మాటల్లోంచే ఈ అపోహలు ఏరాను.

అపోహ: క్రోమోజోముల పరీక్ష నార్మల్, జన్యువుల్లోని అక్షరాలు చదివే ఎక్సోమ్ పరీక్ష కూడా నార్మల్. ఇంక ఇది జన్యువుల జబ్బు కాదు.

ఒక తండ్రి ఫైలంతా బల్ల మీద పరిచి, "ఇన్ని వేలు పోసి డీఎన్ఏ మొత్తం చదివించాం మేడం, ఒక్క తప్పు లేదన్నారు. మళ్లీ ఇదేం పరీక్ష?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆయన బిడ్డ డీఎన్ఏలో నిజంగానే అక్షరదోషం లేదు.

మనకు దాదాపు ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. చాలా జన్యువుల్లో రెండూ పనిచేస్తాయి. కానీ 15వ క్రోమోజోములో ఒక చిన్న ప్రాంతంలో కొన్ని జన్యువులు నాన్న ప్రతి నుంచి మాత్రమే పనిచేస్తాయి. అమ్మ ప్రతి అక్కడే, చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ మూగగా ఉంటుంది. దాన్ని మూగగా ఉంచేది మిథైల్ గుర్తు. డీఎన్ఏలో ‘సి’ అనే అక్షరం పక్కన ‘జి’ ఉన్నచోట, ఆ ‘సి’కి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న తోక తగులుతుంది. అక్షరం ‘సి’గానే ఉంటుంది. మామూలుగా వరసను చదివే యంత్రానికి ఆ తోక కనబడదు. ఎక్సోమ్ నార్మల్ అని రావడంలో వింతేమీ లేదు.

నాన్న ప్రతి ఏ కారణంగానైనా లేకపోతే, మిగిలిన అమ్మ ప్రతి మూగది కాబట్టి ఆ జన్యువులు బిడ్డలో పూర్తిగా ఆగిపోతాయి. అదే ప్రేడర్-విల్లీ. అదే చోట అమ్మ ప్రతి పోతే వచ్చేది వేరే జబ్బు, ఏంజెల్‌మన్. నడక తూలడం, మాట రాకపోవడం, ఫిట్స్, కారణం లేని నవ్వు. పోయిన ముక్క ఒకటే కావచ్చు. ఎవరి వైపు నుంచి పోయిందన్నదాన్ని బట్టి జబ్బు మారిపోతుంది.

కనబడని తోకను చూడటానికి మేం చేసేది మొరటు పనే. డీఎన్ఏను సోడియం బైసల్ఫైట్‌లో వేసి గంటల తరబడి వేడిలో ఉంచుతాం. తోక లేని ‘సి’ చెడి, తర్వాత కాపీ తీసినప్పుడు ‘టి’గా కనబడుతుంది. తోక ఉన్న ‘సి’ తట్టుకుని నిలబడుతుంది. అంటే గుర్తులోని తేడాను మేం కావాలనే అక్షరాల్లోని తేడాగా మార్చుకుంటాం.

```
మొదటి వరస          : ACGTCCGA
మిథైల్ ఉంటే (అమ్మ ప్రతి)   : ACGTTCGA
మిథైల్ లేకపోతే (నాన్న ప్రతి) : ATGTTTGA
```

ఆ తర్వాత పీసీఆర్‌లో రెండు జతల ప్రైమర్లు, అంటే కాపీ ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్ఏ తునకలు వేస్తాం. ఒక జత మిథైల్ ఉన్న వరసకే అతుక్కుంటుంది, రెండోది లేనిదానికే. మేం వాడే పద్ధతిలో, ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద అమ్మ గీత 174 అక్షరాల దగ్గర, నాన్న గీత 100 అక్షరాల దగ్గర వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు గీతలూ వస్తాయి. 174 ఒక్కటే ఉంటే ప్రేడర్-విల్లీ, 100 ఒక్కటే ఉంటే ఏంజెల్‌మన్.

అపోహ: జెల్ మీద గీత వచ్చిందా లేదా అంతే కదా, అందులో పొరపాటు ఎలా జరుగుతుంది?

జరుగుతుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ముందున్న ల్యాబులో, ఒక పాప శాంపిల్‌లో 174 గీత గట్టిగా, 100 గీత ఉందా లేదా అన్నంత పల్చగా వచ్చింది. ప్రేడర్-విల్లీ అని రాయడానికి సిద్ధమైపోయాను. పక్కనున్న సీనియర్ అక్క జెల్ ఫోటో చూసి, "ముందు నార్మల్ కంట్రోల్ చూడవే" అంది. చూస్తే ఆరోగ్యవంతుడి డీఎన్ఏలో కూడా 100 గీత పల్చగానే ఉంది. బైసల్ఫైట్ సీసా తెరిచి చాలా రోజులైంది, గాలి తగిలి బలం తగ్గింది. నాన్న ప్రతిలోని ‘సి’లు సగం మారకుండా మిగిలాయి కాబట్టి ప్రైమర్ వాటిని పట్టుకోలేదు. కొత్త సీసాతో మళ్లీ చేస్తే పాపకు రెండు గీతలూ వచ్చాయి.

అప్పటి నుంచి నేను నార్మల్, ఖాయమైన ప్రేడర్-విల్లీ, ఖాయమైన ఏంజెల్‌మన్, ఉత్త నీళ్లు, ఈ నాలుగూ పక్కన లేని జెల్ చదవను. తేడా రిపోర్టు వస్తే బైసల్ఫైట్ అవసరంలేని ఇంకో పద్ధతిలో సరిచూస్తాం. అందులో మిథైల్ లేని చోట మాత్రమే కోసే ఎంజైమును వాడతారు, ప్రతులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్క తేలుతుంది.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. ప్రేడర్-విల్లీని ఈ పరీక్ష నూటికి 99కి పైగా పట్టేస్తుంది. ఏంజెల్‌మన్‌ను మాత్రం సుమారు 80 మందిలోనే పడుతుంది. మిగిలినవాళ్లలో కొందరికి యూబీఈ3ఏ అనే జన్యువులోనే అక్షరదోషం ఉంటుంది. అక్కడ గుర్తు సరిగ్గానే ఉంటుంది, తప్పు వరసలో ఉంటుంది. కాబట్టి మిథైలేషన్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఏంజెల్‌మన్ అనుమానం తీరిపోదు. వరస కూడా చదివించాలి.

అపోహ: మిథైల్ పడితే జన్యువు ఆఫ్, ఎసిటైల్ పడితే ఆన్.

కాలేజీలో నేనూ అలాగే చదివాను. సగం నిజం.

డీఎన్ఏ ఉత్తి దారంలా ఉండదు, హిస్టోన్ అనే ప్రొటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్లది ధనావేశం, డీఎన్ఏది ఋణావేశం, అందుకే గట్టిగా అంటిపెట్టుకుంటాయి. హిస్టోన్ తోక మీద ఎసిటైల్ గుర్తు పడితే ఆ ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగానికి దారి దొరుకుతుంది. అయితే ఎసిటైల్ గుర్తును పెట్టే ఎంజైములు, తీసే ఎంజైములు రెండూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. అది నిమిషాల్లో, గంటల్లో మారిపోతుంది. మిథైల్ అలా కాదు. కణం రెండుగా చీలినప్పుడు, పాత పోగు మీది గుర్తును చూసి కొత్త పోగు మీద కూడా పెట్టే ఎంజైము ఒకటుంది. అందుకే గర్భంలో మొదటి రోజుల నాటి గుర్తు ఏళ్ల తర్వాత తీసిన రక్తంలోనూ దొరుకుతుంది.

ఇక మిథైల్ అంటే ఆఫ్ అనేదానికి యూబీఈ3ఏనే ఎదురు సాక్ష్యం. మెదడు కణాల్లో అది అమ్మ ప్రతి నుంచే పనిచేస్తుంది, నాన్న ప్రతి మూగగా ఉంటుంది. కానీ ఆ నాన్న ప్రతి మీద మిథైల్ గుర్తేమీ ఉండదు. నాన్న క్రోమోజోము మీద దూరం నుంచి ఒక పొడవైన ఆర్ఎన్ఏ వెనక్కి పరుగెత్తుకొచ్చి దాన్ని అణిచేస్తుంది. అమ్మ క్రోమోజోము మీద ఆ ఆర్ఎన్ఏ మొదలయ్యే చోటే మిథైల్‌తో మూతపడి ఉంటుంది కాబట్టి అమ్మ యూబీఈ3ఏ పనిచేయగలుగుతోంది. అంటే ఇక్కడ ఒక చోట పడిన మిథైల్ ఇంకో చోట జన్యువును ఆన్‌లో ఉంచుతోంది. ఏంజెల్‌మన్ పిల్లల్లో ఆ ఆర్ఎన్ఏను అడ్డుకుని నాన్న ప్రతిని మేలుకొలిపే మందుల మీద ప్రయోగాలు జరుగుతున్నది ఈ కారణంగానే.

అపోహ: మేనరికం వల్ల వచ్చింది. లేదా గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చింది.

మొదట చెప్పిన తండ్రి బిడ్డ దగ్గరికే వస్తాను. జెల్ మీద 174 ఒక్కటే వచ్చింది. రెండో పద్ధతిలో చూస్తే ప్రతులు రెండూ ఉన్నాయి, ముక్క ఏదీ పోలేదు, రెంటి మీదా మిథైల్ ఉంది. ప్రేడర్-విల్లీలో ఎక్కువమందికి నాన్న వైపు ముక్క తెగిపోయి ఉంటుంది. ఈ బిడ్డకు అలా కాదు. తల్లిదండ్రుల రక్తం కూడా తెప్పించి పోల్చితే తేలింది: రెండు 15వ క్రోమోజోములూ అమ్మవే.

రిపోర్టు వివరిస్తుంటే నాయనమ్మ మధ్యలో అందుకుంది: "చూశావా, అమ్మవే అంట. నేను ముందే చెప్పాను, మేనమామ కూతురు వద్దురా అని." ఆ అమ్మాయి తల దించుకుంది.

మేనరికంలో భయపడాల్సింది వేరే రకం జబ్బులకు. ఇద్దరూ ఒకే తాత నుంచి ఒకే దోషాన్ని మోసుకొచ్చి, బిడ్డకు రెండూ చేరినప్పుడు వచ్చేవి అవి. ఇక్కడ జరిగింది అండం తయారయ్యేటప్పుడు 15వ క్రోమోజోములు విడిపోకుండా రెండూ ఒకే అండంలోకి రావడం. నాన్నది కలిసి మొత్తం మూడయ్యాయి. మూడుంటే పిండం నిలవదు, కాబట్టి ఒకదాన్ని వదిలించుకుంది. వదిలింది నాన్నది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇలాంటి అవకాశం కొంత పెరుగుతుంది. అంతకు మించి ఆమె తిన్నదానికీ, నిద్రపోయినదానికీ, గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. ఇదంతా నాయనమ్మకు ఇంకా నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు.

అపోహ: గుర్తుల తప్పే కదా, తర్వాతి బిడ్డకు రాదు.

ఈ కుటుంబానికి రాదనే చెప్పాను, అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. కానీ అందరికీ ఈ మాట చెప్పకూడదు. ఈ గుర్తులు ప్రతి తరంలో చెరిగి మళ్లీ రాయబడతాయి. మగవాడి వీర్యకణాలు తయారయ్యేటప్పుడు, అతనికి తన అమ్మ నుంచి వచ్చిన ప్రతి మీది గుర్తు చెరిగి ‘నాన్న’ గుర్తుగా మారాలి. ఆ మార్పుకు అవసరమైన ఒక చిన్న తునక కొందరిలో ఉండదు. అది తన అమ్మ వైపు నుంచే వచ్చి ఉంటే అతనికి ఏమీ కాదు, హాయిగా పెరిగి పెళ్లి చేసుకుంటాడు. ఆ క్రోమోజోము అందుకున్న అతని పిల్లలకు మాత్రం ప్రేడర్-విల్లీ వస్తుంది, ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం. ఇది అరుదు. కానీ కారణం ఏ రకమో తేల్చకుండా, ఉత్త ‘మిథైలేషన్ అబ్‌నార్మల్’ అన్న కాగితం చూసి ధైర్యం చెప్పడం తప్పు.

అపోహ: గుర్తులే కాబట్టి మందుతో చెరిపేయొచ్చు.

ఆ తండ్రి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ ఎసిటైల్ గుర్తును పెంచుతుందని, అది ‘జన్యువుల్ని తెరుస్తుందని’ అందులో చెబుతున్నారు. మొదటి సగం నిజమే, ఎసిటైల్‌ను తీసే ఎంజైమును ఆ మందు అడ్డుకుంటుంది. కానీ అది ఏ జన్యువు దగ్గర అని ఎంచుకోదు. పైగా గర్భిణులు వాడితే బిడ్డ వెన్నుపాముకు లోపం వచ్చే ప్రమాదముంది. ల్యాబులో పెంచిన ప్రేడర్-విల్లీ కణాల మీద ప్రయోగం చేసినప్పుడు, ఎసిటైల్ పెంచే మందు ఒక్కటే వేస్తే అమ్మ ప్రతి మేలుకోలేదు. మిథైల్‌ను పోగొట్టే మందు వేస్తే ఒక జన్యువు మేలుకుంది. కానీ ఆ మందు ఒంట్లోని మిథైల్ నంతా కదిలిస్తుంది, దాన్ని వాడేది కొన్ని రక్తపు జబ్బుల్లో. పసిబిడ్డకు ఇవ్వగలిగింది కాదు.

"మరి ఏం చేయాలి?" అన్నాడు. పిల్లల హార్మోన్ల డాక్టరు పేరు రాసిచ్చాను. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. ఇప్పుడు పాలు తాగని ఈ బిడ్డకే కొన్నేళ్లలో తీరని ఆకలి మొదలవుతుందని, వంటింటికి తాళం వేసుకోవాల్సి రావచ్చని చెప్పాను. "పాలే తాగట్లేదు మేడం" అని నవ్వాడాయన. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. ఫ్రిజ్‌కు కూడా తాళం దొరుకుతుందా అని అడిగింది.