మెట్ల తలుపు తాళం వేసినట్టు బిగుసుకుపోతే

పోయినేడు హైదరాబాద్‌లో ఒక 20 అంతస్తుల అపార్ట్‌మెంట్లో ఫైర్ డ్రిల్ చేస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. అలారం మోగింది, మెట్లలోకి గాలి తోసే ప్రెషరైజేషన్ ఫ్యాన్ టెర్రస్ మీద ఆన్ అయింది. నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ మెట్ల తలుపు రెండు చేతులతో తోసి, కదలకపోయేసరికి నావైపు తిరిగి "బాబూ, తాళం వేశారా?" అని అడిగారు. తాళం లేదు, అవతల గాలి బిగబట్టి ఉంది.

ఆ గాలి అక్కడ ఎందుకుందో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. 1972లో న్యూయార్క్‌లో కూల్చేయబోతున్న ఒక 22 అంతస్తుల ఆఫీసు భవనంలో ఇంజనీర్లు నిజంగానే మంట పెట్టి, మెట్లలోకి గాలి తోస్తే పొగ రాకుండా ఆగుతుందా అని పరీక్షించారు. ఎనిమిదేళ్లకు, 1980 నవంబర్ 21న లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ తగలబడింది. మంట ఎక్కువగా కింది కాసినో దగ్గరే ఉంది, కానీ చనిపోయిన 85 మందిలో చాలామంది పై అంతస్తుల్లో పొగకు పోయారు. పొగ లిఫ్ట్ షాఫ్టుల్లోంచి, మెట్లలోంచి, గోడల కీళ్లలోంచి పైకి పాకింది. మెట్లలోకి దిగినవాళ్ల వెనక తలుపులు లాక్ పడిపోయాయి కూడా. ఆ దశాబ్దంలోనే, 1988లో, అమెరికాలో పొగ నియంత్రణకు ఎన్‌ఎఫ్‌పీఏ 92ఏ అనే ప్రమాణం వచ్చింది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 మెట్లకూ కారిడార్‌కూ మధ్య 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా అడుగుతుంది.

చిక్కంతా ఈ తేడా దగ్గరే. ఎక్కువమంది బయటపడాల్సిన దారి కాబట్టి తలుపు మెట్లలోకే తెరుచుకుంటుంది, అంటే లోపలి గాలి దాన్ని మూసే వైపే నొక్కుతుంది. తోయాల్సిన బలం ఇలా లెక్కేస్తారు:

```
F = Fc + (W × A × ΔP) / (2 × (W − d))
```

Fc తలుపును దానంతటదే మూసే క్లోజర్ లాగే బలం, W తలుపు వెడల్పు, A దాని వైశాల్యం, ΔP గాలి ఒత్తిడి తేడా, d తెరుచుకునే వైపు అంచు నుంచి హ్యాండిల్ దాకా దూరం. 0.9 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపుకి, d 0.075 మీటర్లు అనుకుంటే, 50 పాస్కల్స్ దగ్గర గాలి వాటా సుమారు 52 న్యూటన్లు, క్లోజర్‌ది 45 అనుకుంటే మొత్తం 97. అమెరికా పరిమితి 133, యూరప్‌ది 100. కాగితం మీద అంతా బాగానే ఉంది.

ఇప్పుడు గాలి ఎక్కడికి పోతుందో చూడండి. మూసిన తలుపు చుట్టూ సందులన్నీ కలిపి సుమారు 0.01 చదరపు మీటరు, 20 తలుపులకు 0.2. 50 పాస్కల్స్ నిలబెట్టడానికి సెకనుకు దాదాపు 1.2 ఘనపు మీటర్ల గాలి చాలు. కానీ ఎవరో ఒక తలుపు తెరుస్తారు కదా, అందులోంచి పొగ లోపలికి రాకుండా గాలి సెకనుకు 0.75 మీటర్ల వేగంతో బయటికి పోవాలనుకుంటే ఇంకో 1.4 కావాలి. అలా డిజైనర్ 2.6 ఘనపు మీటర్ల ఫ్యాన్ పెడతాడు. ఇక అన్ని తలుపులూ మూసి ఉండగా ఆ ఫ్యాన్ అంత గాలినీ తోస్తూనే ఉంటే? ఒత్తిడి 245 పాస్కల్స్‌కి పోతుంది, తలుపు తోయడానికి దాదాపు 300 న్యూటన్లు, అంటే 30 కేజీల బరువంత. ఆ రోజు నా స్ప్రింగ్ త్రాసు 22 కేజీలు చూపించింది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఫ్యాన్ తోసే గాలి తగ్గుతుంది కాబట్టి లెక్క కంటే తక్కువ. అదైనా ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

కారణం వెతికితే పైన రిలీఫ్ డ్యాంపర్ కనిపించింది, తుప్పుపట్టి ఇరుక్కుపోయింది. 50 దాటగానే అది తెరుచుకుని మిగులు గాలిని బయటికి వదిలేయాలి. దాన్ని సరిచేస్తే బలం 10 కేజీలకు దిగింది. ఒత్తిడిని చూస్తూ ఫ్యాన్ వేగాన్ని మార్చే డ్రైవ్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే తలుపు ధడాల్న మూసుకున్నప్పుడు అది వెంటనే తగ్గాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా చూశాను. టైల్స్ వేసి తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు వదిలేస్తే అదొక్కటే మరో 0.009 చదరపు మీటరు, దాదాపు ఇంకో తలుపంత. లీకేజీ రెట్టింపై ఫ్యాన్ గాలి మారకపోతే ఒత్తిడి సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. మెట్ల గోడకు పైపు కోసం కొట్టిన రంధ్రాలు, ప్లాస్టర్ చేయని ఇటుకలు కూడా ఇలాగే గాలి తాగేస్తాయి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. మెట్లలోంచి కారిడార్‌లోకి వచ్చిన గాలికి బయటికి దారి ఉండాలి. అద్దాలతో మూసేసిన ఫ్లోర్‌లో దారి లేకపోతే కారిడార్ కూడా మెట్లంత ఒత్తిడికి చేరుతుంది, తలుపు తెరిస్తే గాలి కదలదు, అప్పుడు పొగను ఆపేది ఏమీ ఉండదు. తలుపు కింద నుంచి ఒత్తిడి తేడా కొలిచే మానోమీటర్ ట్యూబు దూర్చి అన్నీ మూసి 50 చూపించారంటే అది సగం పరీక్షే. ఒక ఫ్లోర్‌లో తలుపు తెరిచి పట్టుకుని అక్కడ గాలి వేగం కొలవాలి, ఆపైన మిగతా తలుపుల దగ్గర స్ప్రింగ్ త్రాసు పెట్టి చూడాలి.