అంకెలు ఉన్నంత మాత్రాన ఒరిజినల్ కాదు: స్పీడీ బ్యాగ్ ఫొటోల గురించి అపోహలు - వాస్తవాలు

సెకండ్ హ్యాండ్ బ్యాగులు ఒరిజినలా కాదా అని ఫొటోల్లో చూసి చెప్పడం నా పని. ఎక్కువగా వచ్చేది లూయీ విట్టాన్ స్పీడీ. నకిలీలూ దానికే ఎక్కువ.

అపోహ: లోపల కోడ్ ఉంటే ఒరిజినలే.

వాస్తవం: ఆ కోడ్ సీరియల్ నంబర్ కాదు, తయారైన తేదీ. ఒకే కోడ్ చాలా బ్యాగుల మీద ఉంటుంది, నకిలీవాళ్లు కూడా వేస్తారు. అందుకే కోడ్ ఉందా అని కాదు, అది అమ్మేవాళ్ల మాటతో పొసుగుతోందా అని చూస్తాను. 2007 నుంచి కోడ్‌లో రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. ఒకటో, మూడో అంకెలు పక్కపక్కన పెడితే వారం. రెండో, నాలుగో అంకెలు అలాగే పెడితే సంవత్సరం.

ఈమధ్య ఒకావిడ "2013లో కొన్నాం" అంటూ ఫొటోలు పంపారు. కోడ్‌లో అంకెలు 6143. సంవత్సరం 13, బాగానే ఉంది. వారం మాత్రం 64! ఏడాదికి అన్ని వారాలు ఎక్కడివి? తిప్పి రాశారేమో అనుకుని జూమ్ చేసి మళ్లీ చూశాను, అదే నంబర్. మిగతా ఫొటోలు తెరవాల్సిన పనే లేకపోయింది.

అలాగని కోడ్ సరిగ్గా ఉంటే నమ్మేయకండి. సరైన కోడ్‌ను కాపీ కొట్టడం కష్టమేమీ కాదు. కోడ్ బ్యాగును పట్టివ్వగలదు గానీ, గట్టెక్కించలేదు. ఇక 2021 మార్చి నుంచి కోడ్ బదులు లోపల చిప్ పెడుతున్నారు. కాబట్టి కొత్త బ్యాగులో కోడ్ కనబడకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: ఎల్‌వీ అక్షరాలు తలకిందులుగా ఉంటే నకిలీ.

వాస్తవం: దీనివల్ల మంచి బ్యాగులను కూడా తిప్పి పంపేస్తున్నారు పాపం. ఒళ్లంతా ఎల్‌వీ అక్షరాల డిజైన్ ఉండే మామూలు మోనోగ్రామ్ స్పీడీలో ముందు నుంచి అడుగు మీదుగా వెనక్కి ఒకటే కాన్వాస్ ముక్క వెళ్తుంది. ముందు నిలువుగా ఉన్న అక్షరాలు వెనక తలకిందులు కాక తప్పదు. రెండు వైపులా నిటారుగా ఉంటేనే నాకు అనుమానం. అప్పుడు అడుగున అతుకు ఉండాలి. అందుకే వెనక వైపు, అడుగు ఫొటోలు తప్పకుండా అడుగుతాను.

అపోహ: తోలు తెల్లగా, కొత్తగా ఉంటే బాగా చూసుకున్నారని అర్థం.

వాస్తవం: దీని హ్యాండిల్స్‌కు వాడేది పూత లేని తోలు. చేతి జిడ్డుకు, ఎండకు తేనె రంగు తిరుగుతుంది. పదేళ్లు వాడామంటూ మూలలు అరిగిన బ్యాగుకు హ్యాండిల్ లేత రంగులోనే ఉంటే, దాన్ని మార్పించారా అని అడుగుతాను. మార్పించడం మామూలే, కానీ జవాబు దొరకాలి.

ఫొటోల్లో తోలు వాసన, జిప్ కదలిక తెలియవు. పైగా ఆ ఫొటోలు వేరేవాళ్లవి కూడా కావచ్చు. బ్యాగు పక్కన ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పెట్టి మళ్లీ తీయమంటాను. కొందరు ఆ మాటకే మాయమైపోతారు.