నైట్రైల్ గ్లవ్ ఎండీసీని ఎన్ని నిమిషాలు ఆపుతుంది?

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కెమిస్టులకు ఎండీసీ గురించి పరిచయం చేయక్కర్లేదు. మిథిలీన్ డైక్లోరైడ్‌కు అది పొట్టి పేరు. పాఠ్యపుస్తకాలు దీన్నే డైక్లోరోమీథేన్ అంటాయి. దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది, ఎన్నో పదార్థాలను తేలిగ్గా కరిగిస్తుంది, అందుకే రియాక్షన్లలోనూ ఎక్స్‌ట్రాక్షన్లలోనూ దీని వాడకం ఎక్కువ. దీన్ని వంపేటప్పుడు చేతికి ఏం వేసుకున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "నైట్రైల్ గ్లవ్స్, సార్". డబ్బా మీద కెమికల్ రెసిస్టెంట్ అని రాసి ఉంటుంది కాబట్టి అక్కడితో ప్రశ్న ముగిసిపోతుంది.

ఆ జవాబులో మూడు విషయాలు లేవు. గ్లవ్ ఎంత మందం, ఏ ద్రావకానికి వ్యతిరేకంగా పరీక్షించారు, ఎన్ని నిమిషాలు ఆపింది. వాడి పారేసే పల్చటి నైట్రైల్ గ్లవ్ సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది. ఎండీసీ ముందు దాని బ్రేక్‌త్రూ టైమ్, అంటే ద్రావకం గ్లవ్‌ను దాటి లోపలికి రావడానికి పట్టే సమయం, కంపెనీల పట్టికల్లో మామూలుగా ఒకటి రెండు నిమిషాలు దాటదు. అదే గ్లవ్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని గంటల తరబడి ఆపగలదు. రెండు చోట్లా గ్లవ్ అదే, పేరూ అదే. అంటే నైట్రైల్ మంచిదా కాదా అని అడిగి లాభం లేదు. దేనికి, ఎంతసేపు అని అడగాలి.

చిల్లు లేని గ్లవ్‌లోంచి ద్రావకం ఎలా వస్తుందన్నది చాలామందికి నమ్మబుద్ధి కాని సంగతి. జాతరలో కొన్న గ్యాస్ బుడగ ముడి బిగుతుగానే ఉన్నా తెల్లారేసరికి వాడిపోతుంది కదా, గ్లవ్‌లో జరిగేదీ అదే. రబ్బరంటే పొడవాటి అణుగొలుసుల చిక్కుముడి. ద్రావకం అణువులు ముందు బయటి పొరలో కరుగుతాయి. తర్వాత గొలుసుల మధ్య సందుల్లోంచి నెమ్మదిగా జరుగుతూ వస్తాయి. చివరికి లోపలి వైపున బయటపడతాయి. దీన్నే పర్మియేషన్ అంటారు. గ్లవ్‌లో ఎక్కడా రంధ్రం పడదు, చిరుగు ఉండదు, నీళ్లు పోసి చూసినా కారదు. చిల్లులోంచి కారడాన్ని పెనెట్రేషన్ అని విడిగా లెక్కగడతారు, దానికి వేరే పరీక్ష ఉంది. గ్లవ్ ఉబ్బడం, గట్టిపడడం, పెళుసుగా మారడం డిగ్రడేషన్. ఇది కంటికి కనిపిస్తుంది కాబట్టి జనం దీన్నే నమ్ముకుంటారు. కానీ గ్లవ్ చూపుకు ఏ మార్పూ లేకుండానే లోపల చెయ్యి తడుస్తూ ఉండవచ్చు.

ద్రావకం రబ్బరులో ఎంత తేలిగ్గా కరుగుతుందన్న దాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడుతుంది. నైట్రైల్ రబ్బరులో అక్రిలోనైట్రైల్ భాగం ఉండటం వల్ల హెప్టేన్ లాంటి నూనె జాతి ద్రావకాలు అందులో పెద్దగా కరగవు, అందుకే వాటిని బాగా ఆపుతుంది. అసిటోన్, ఎండీసీ మాత్రం ఆ రబ్బరులో ఇష్టంగా కరిగి దాన్ని ఉబ్బిస్తాయి. బ్యూటైల్ రబ్బరు సంగతి తలకిందులు. మందపాటి బ్యూటైల్ గ్లవ్ అసిటోన్‌ను ఒక షిఫ్టు మొత్తం ఆపుతుంది కానీ టోలిన్ ముందు తొందరగా లొంగిపోతుంది. విటాన్ అని పిలిచే ఫ్లోరో రబ్బరు టోలిన్‌ను చక్కగా ఆపి, అసిటోన్ దగ్గర చేతులెత్తేస్తుంది. పీవీఏ అని పిలిచే పాలీవినైల్ ఆల్కహాల్ గ్లవ్ ఎండీసీకీ టోలిన్‌కీ చాలా బాగా పనిచేస్తుంది, కానీ నీటిలో కరిగే పదార్థం కావడంతో తడి ఉన్నచోట పనికిరాదు. అన్నిటికీ సరిపోయే గ్లవ్ ఇంకా పుట్టలేదు.

పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే అంకెలను చదవడం తేలికవుతుంది. గ్లవ్ అరచేతి భాగంలోంచి ముక్క కోసి, రెండు గదులున్న చిన్న పాత్రకు మధ్యలో అడ్డుగోడలా బిగిస్తారు. ఒకవైపు ద్రావకం పోస్తారు, రెండోవైపు గాలి గానీ నీళ్లు గానీ పారిస్తూ అందులోకి వచ్చిన ద్రావకాన్ని కొలుస్తూ ఉంటారు. యూరప్ పద్ధతిలో, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 1 మైక్రోగ్రాము వేగంతో ద్రావకం ఇవతలికి రావడం మొదలైన క్షణాన్ని బ్రేక్‌త్రూ అంటారు. అమెరికాలోని ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 739 పద్ధతిలో గీత అంతకు పదింతలు కింద, 0.1 మైక్రోగ్రాము దగ్గర ఉంటుంది. కాబట్టి ఒకే గ్లవ్‌కు రెండు కాగితాల మీద రెండు సమయాలు కనిపిస్తే అందులో మోసమేమీ లేదు, గీత ఎక్కడ గీశారో చూసుకోవాలంతే. క్యాన్సర్ మందులు కలిపే నర్సుల గ్లవ్స్‌కు వాడే ఏఎస్‌టీఎమ్ డి 6978 పరీక్షలో గీత 0.01కు దిగుతుంది, ఉష్ణోగ్రతను కూడా 35 డిగ్రీలకు పెంచుతారు. యూరప్ పరీక్ష జరిగేది 23 డిగ్రీల దగ్గర. గ్లవ్ లోపల మన చేతి వేడి అంతకన్నా ఎక్కువే. వేడి పెరిగితే అణువులు త్వరగా జరుగుతాయి, అంటే డబ్బా మీది నిమిషాలు చేతికి వేసుకున్నప్పుడు తగ్గుతాయి.

ఇప్పుడు డబ్బానే చూద్దాం. యూరప్ ప్రమాణం ఈఎన్ ఐఎస్‌ఓ 374-1 ప్రకారం ఫ్లాస్క్ బొమ్మ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ మీద తరచు కనిపించేవి కె, పి, టి. కె అంటే 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్, పి అంటే 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, టి అంటే 37 శాతం ఫార్మాల్డిహైడ్. ఈ మూడింటినీ కనీసం 30 నిమిషాలు ఆపిందని అర్థం. ఎండీసీకి అక్షరం డి, అసిటోన్‌కు బి, టోలిన్‌కు ఎఫ్. మీ డబ్బా మీద డి లేకపోతే ఎండీసీ విషయంలో ఆ గ్లవ్ మీకు ఏ మాటా ఇవ్వలేదన్నమాట. ఫ్లాస్క్ బొమ్మను చూసి గ్లవ్ కొనేవాళ్లు అక్షరాల దాకా చూడకపోవడమే నాకు ఇందులో అన్నిటికన్నా విచిత్రంగా అనిపిస్తుంది. జవాబు డబ్బా మీదే ఉంటుంది మరి.

అక్షరం ఉన్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. బ్రేక్‌త్రూ టైమ్ తర్వాత ఏమవుతుందో చెప్పేది పర్మియేషన్ రేటు. లెక్క కోసం రెండు ఊహా గ్లవ్‌లు అనుకుందాం. మొదటిది 12 నిమిషాలకు లొంగుతుంది, ఆ తర్వాత నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున వదులుతుంది. రెండోది 15 నిమిషాలు ఆగుతుంది, కానీ ఆ తర్వాత 900 మైక్రోగ్రాముల చొప్పున వదిలేస్తుంది. పని 20 నిమిషాలు, తడిసిన భాగం 50 చదరపు సెంటీమీటర్లు. మొదటి గ్లవ్‌లో ఎనిమిది నిమిషాల్లో 2 మిల్లీగ్రాములు లోపలికి వస్తాయి. రెండోదాంట్లో ఐదు నిమిషాల్లోనే 225 మిల్లీగ్రాములు. నిజానికి రేటు ఒక్కసారిగా పూర్తి స్థాయికి చేరదు కాబట్టి అసలు అంకెలు దీనికంటే కొంచెం తక్కువ ఉంటాయి, అయినా తేడా ఎంతో తెలిసిపోతోంది. నిమిషాలు మాత్రమే చూసి కొంటే రెండో గ్లవ్‌నే ఎంచుకుంటాం.

లోపలికి వచ్చిన ద్రావకానికి బయటికి పోయే దారి ఉండదు. ఎండీసీ వట్టి చేతి మీద పడితే చాలావరకు క్షణాల్లో ఆవిరైపోతుంది, గ్లవ్ కింద చిక్కితే చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మొదట చల్లగా, తర్వాత మంటగా తెలుస్తుంది. అలా తెలియడం ఒక రకంగా అదృష్టం, ఎందుకంటే కొన్ని ద్రవాలు ఏ సూచనా ఇవ్వవు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో రసాయనశాస్త్ర ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టు 14న ఫ్యూమ్ హుడ్‌లో పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ అనే అతి విషపూరితమైన పాదరస ద్రవం చుక్కలు కొన్ని ఆమె లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. చెయ్యి మండలేదు, గ్లవ్ చెడలేదు. జబ్బు లక్షణాలు గట్టిగా బయటపడేసరికి 1997 జనవరి వచ్చింది. ఆ సంవత్సరం జూన్ 8న ఆమె చనిపోయారు. తర్వాత అలాంటి గ్లవ్‌లను పరీక్షిస్తే ఆ ద్రవం 15 సెకన్లలోపే దాటిపోతోందని తేలింది. అప్పటి నుంచి ఆ పదార్థానికి లోపల ఒక ల్యామినేట్ గ్లవ్, అంటే పొరలు పొరలుగా ఉన్న ప్లాస్టిక్ గ్లవ్, దాని మీద పొడవాటి మందపాటి గ్లవ్ వేసుకోవాలని చెబుతున్నారు. అంత విషపూరితమైన పదార్థానికి 1 మైక్రోగ్రాము గీత కూడా చాలా వదులు. చెయ్యంతా తడిస్తే 400 చదరపు సెంటీమీటర్ల చొప్పున, బ్రేక్‌త్రూ క్షణంలోనే నిమిషానికి 0.4 మిల్లీగ్రాములు వస్తున్నట్టు లెక్క. అసిటోన్‌కు అది పట్టించుకోనక్కర్లేని పరిమాణం.

మందం పెంచితే మేలు ఎంత? సిద్ధాంతం ప్రకారం బ్రేక్‌త్రూ టైమ్ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.1 నుంచి 0.4 మిల్లీమీటర్లకు వెళితే నాలుగింతల మందం, పదహారింతల సమయం. రెండు నిమిషాలు అరగంట అవుతుందన్నమాట. ఎండీసీలా రబ్బరును ఉబ్బించే ద్రావకం దగ్గర ఈ లెక్క సరిగ్గా పనిచేయదు, అయినా మందం రాయని పట్టిక ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. వేళ్ల మడతల దగ్గర గ్లవ్ సాగి పల్చబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఒకే పేరున్న రెండు కంపెనీల నైట్రైల్‌లో అక్రిలోనైట్రైల్ పాలు వేరుగా ఉండవచ్చు కాబట్టి ఒకరి పట్టికను ఇంకొకరి గ్లవ్‌కు వాడకూడదు.

ఇక ఎండీసీతో పనికి నిర్ణయం. చిందే అవకాశం మాత్రమే ఉన్న చోట పల్చటి నైట్రైల్‌ను కొద్ది క్షణాల కవచంగా వాడొచ్చు, చుక్క పడగానే ఆ పని ఆపి గ్లవ్ తీసి పారేసే షరతు మీద. ఫిల్టరు భాగాలు ఎండీసీలో ముంచి కడగాలంటే పల్చటి నైట్రైల్ వాడకూడదు. పొడి చోట పీవీఏ, లేదంటే పరీక్ష రిపోర్టు బాగున్న ఫ్లోరో రబ్బరు గానీ ల్యామినేట్ గానీ తీసుకోవాలి. ల్యామినేట్‌లలో ఎండీసీకి అంకెలు బ్రాండును బట్టి బాగా మారతాయి, పొర పేరు చూసి కొనొద్దు. ద్రావకంతో వచ్చే భద్రతా సమాచార పత్రం ఎమ్‌ఎస్‌డీఎస్ ఎనిమిదో భాగంలో "తగిన గ్లవ్స్ వాడండి" అని మాత్రమే ఉంటే గ్లవ్ అమ్మే కంపెనీని అడగాలి: ఏ ద్రావకం, ఎంత మందం, ఏ పద్ధతి, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు, తర్వాత రేటు ఎంత. ఎండీసీ, మిథనాల్ కలిపిన మిశ్రమమైతే ఆ మిశ్రమానికే చేసిన పరీక్ష కావాలి, ఎందుకంటే ఒకటి రబ్బరును ఉబ్బించి ఇంకోదానికి దారి వదులు చేస్తుంది.

సాయంత్రం తుడిచి, ఆరబెట్టి, రేపటికి దాచే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. ఖరీదైన గ్లవ్ కదా అని పారేయడానికి మనసు రాదు. తుడిస్తే పోయేది పైన ఉన్న ద్రావకం మాత్రమే. రబ్బరు లోపల కరిగి ఉన్నది రాత్రంతా రెండు వైపులకూ జరుగుతూనే ఉంటుంది. మర్నాడు చెయ్యి పెట్టేసరికి అది లోపలి పొరకు చేరి ఉండవచ్చు. అప్పుడు పట్టికలోని 60 నిమిషాలు, 120 నిమిషాలు ఆ గ్లవ్‌కు వర్తించవు. ఆ అంకెలన్నీ కొత్త ముక్క మీద కొలిచినవి. అందుకని మొదటిసారి ద్రావకం తగిలిన టైమ్‌ను గ్లవ్ మణికట్టు దగ్గర మార్కర్‌తో రాసిపెట్టి, బ్రేక్‌త్రూ టైమ్ రాకముందే మార్చేయడం మంచిది. మళ్లీ వాడదలిస్తే దాన్ని శుభ్రపరచడం గురించి తయారీ కంపెనీ ఏమందో, ఎన్నిసార్లకు పరిమితం చేసిందో ముందే చూసుకోవాలి.