రిక్రూటర్ డేటాబేసులోంచి పేరు తీయించుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగ నియామకాల పనిలో ఉన్నాను కాబట్టి ‘ఇక సందేశాలు పంపకండి’ అనే లేఖలు నాకు తరచూ వస్తుంటాయి. కొన్నిటి మీద రెండు నిమిషాల్లో పని పూర్తవుతుంది. కొన్ని ఎంత మర్యాదగా ఉన్నా వాటితో ఏం చేయాలో తోచదు.

అపోహ: జవాబు ఇవ్వకపోతే వాళ్లే ఆపేస్తారు.

మౌనాన్ని మా సాఫ్ట్‌వేర్ ‘ఇంకా స్పందించలేదు’ అని నమోదు చేసుకుంటుంది. కొద్ది రోజులకు రెండో సందేశం, ఆపైన మూడోది ముందే వరుసలో పెట్టి ఉంటాయి. చాలా చోట్ల ఆ వరుస ఆగేది మీ జవాబు వచ్చినప్పుడే. ఆ వరుస ముగిసినా మీ వివరాలు అక్కడే ఉంటాయి, ఇంకో ఖాళీ రాగానే మళ్లీ బయటికి వస్తాయి.

అపోహ: ఈమెయిల్ అడుగున ఉన్న ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కితే చాలు.

ఆ లింకు సాధారణంగా మూకుమ్మడిగా మెయిళ్లు పంపే విభాగానికే వర్తిస్తుంది. మీ రెజ్యూమే, ఫోను నంబరు ఉండేది అభ్యర్థుల డేటాబేసులో. చాలా సంస్థల్లో ఈ రెండూ వేర్వేరు. అందుకే లింకు నొక్కిన వారమే అదే సంస్థ నుంచి ఫోను వస్తుంది, మీకు ఒళ్లు మండుతుంది. ఫోను చేసిన వ్యక్తికి మీరు లింకు నొక్కిన సంగతే తెలియదు. స్పామ్ అని గుర్తు పెట్టినా అంతే. ఆ మెయిళ్లు మీ ఇన్‌బాక్సులో కనిపించవు గానీ మీ రికార్డు కదలదు.

అపోహ: ‘నా వివరాలన్నీ తొలగించండి’ అంటే ఇక శాశ్వతంగా పోయినట్టే.

అందరూ చిక్కుకునేది ఇక్కడే. ఒకసారి ఒక టెస్టింగ్ ఇంజినీరు ఎంతో మర్యాదగా రాసింది. ఆమె రాసింది కొత్త ఈమెయిల్ నుంచి. దానితో వెతికితే మాకు ఏమీ దొరకలేదు. పేరుతో వెతికితే మూడు రికార్డులు బయటపడ్డాయి: ఒకటి కాలేజీ నాటి ఈమెయిలుతో, ఒకటి పాత ఫోను నంబరుతో, మూడోది ఇంటిపేరు చివర రాసినది. అడిగి నిర్ధారించుకున్నాక మూడూ తొలగించాం. రెండు వారాల తర్వాత మా సహోద్యోగి ఒక జాబ్ పోర్టల్ నుంచి రెజ్యూమేలు దించుకుంటే వాటిలో ఆమెదీ వచ్చింది. పాత గుర్తేదీ మిగలలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆమెను కొత్త అభ్యర్థిగా చేర్చుకుంది. మర్నాడే మా నుంచి ఆమెకు సందేశం! తప్పు మాదే, క్షమాపణ చెప్పుకున్నాం.

కాబట్టి అడగాల్సినవి రెండు. రెజ్యూమే, ఇతర వివరాలు తొలగించమనాలి. ఈమెయిల్, ఫోను నంబరు మాత్రం ‘సంప్రదించవద్దు’ జాబితాలో ఉంచమనాలి. తీసేయమంటూనే కొంత ఉంచమనడం వింతగా అనిపించవచ్చు, కానీ మీరు మళ్లీ లోపలికి రాకుండా అడ్డుపడేది ఆ జాబితాయే. పోర్టల్‌లో మీ ప్రొఫైలును రిక్రూటర్లకు కనిపించకుండా చేయడం మాత్రం మీ చేతిలో పని.

అపోహ: అలా అడిగితే బ్లాక్‌లిస్టులో పెడతారు.

మాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆసక్తి లేనివారికి ఫోన్లు చేసి మేమూ అలసిపోతాం. ఒక్క సంగతి మాత్రం నిజం: ‘సంప్రదించవద్దు’ అన్న గుర్తు పడితే మంచి అవకాశం వచ్చినా మీకు చెప్పరు. రేపు మనసు మారితే మీరే రాయాలి. కొంతకాలం వరకే వద్దనుకుంటే తొలగించమనకుండా ‘ఫలానా నెల దాకా సంప్రదించకండి’ అనడం మేలు.

అపోహ: గట్టిగా, చట్టం పేరెత్తి రాస్తేనే కదులుతారు.

మొదటి లేఖలోనే హెచ్చరిక ఉంటే రిక్రూటర్ దాన్ని తాను ముట్టుకోకుండా న్యాయ విభాగానికి పంపేస్తాడు, రెండు నిమిషాల పని అక్కడ వారాలు పడుతుంది. ఐరోపా సమాఖ్య జీడీపీఆర్ లాంటి చట్టాలు తొలగించమని అడిగే హక్కు ఇస్తాయి, జీడీపీఆర్ అయితే మామూలుగా నెలలోపు స్పందించాలంటుంది. ఆ మాట రెండో లేఖకు దాచుకోండి.

నా చేతికి వస్తే వెంటనే పని జరిగే లేఖ ఇలా ఉంటుంది:

“నమస్కారం. మీరు పంపిన ఉద్యోగ సమాచారం అందింది, ధన్యవాదాలు. ప్రస్తుతం నేను ఉద్యోగం వెతకడం లేదు. దయచేసి మీ డేటాబేసులోంచి నా రెజ్యూమే, వివరాలు తొలగించగలరు. మళ్లీ చేరకుండా నా ఈ రెండు ఈమెయిళ్లను, ఈ ఫోను నంబరును ‘సంప్రదించవద్దు’ జాబితాలో ఉంచగలరు. ఇది మీ సంస్థలోని రిక్రూటర్లందరికీ వర్తించాలని కోరుతున్నాను. పూర్తయ్యాక ఒక మాట తెలియజేయండి.”

ఎందుకు వద్దో వివరించనక్కర్లేదు. జీతం చాలదనో, ఊరు దూరమనో రాస్తే మేము దాన్ని బేరంగా తీసుకుని ఇంకో ఉద్యోగం చూపిస్తాం. కొత్తగా మెయిల్ మొదలుపెట్టకుండా వాళ్లు పంపిన సందేశానికే జవాబుగా రాయండి, అప్పుడు ఏ రికార్డో వెతుక్కునే పని ఉండదు. ముందే వరుసలో పెట్టిన సందేశం ఒకటి రెండు రోజుల్లో రావచ్చు, దానికి కోపగించుకోకండి. రెండు వారాలు దాటాక కూడా వస్తే, మీ పాత లేఖనే జతచేసి, ఆ సంస్థ గోప్యతా విధానం పేజీలో ఇచ్చిన ఈమెయిలుకు పంపండి.