పీడనం పెరిగినా కదలని సమతాస్థితి: లీ ఛాటెలియర్ సూత్రంలో జారిపోయిన మాట

మూసిన గట్టి పాత్రలో నైట్రోజన్, హైడ్రోజన్, అమోనియా సమతాస్థితిలో ఉన్నాయి. అందులోకి ఆర్గాన్ పంపారు. గేజీలో పీడనం పెరిగింది. అమోనియా పెరుగుతుందా? ‘పీడనం పెరిగితే తక్కువ మోల్‌లున్న వైపుకు’ అని కంఠస్థం చేసినవారు పెరుగుతుందనే రాస్తారు. సరైన జవాబు: ఏమీ మారదు. ఏటా ఇదే ప్రశ్న, ఇదే తప్పు. దీని మూలం చదివేవారి అజాగ్రత్త కంటే, ఆ సూత్రం మాటలు మారుతూ వచ్చిన తీరులోనే ఎక్కువగా ఉంది.

1884లో వాంట్ హాఫ్ ఉష్ణోగ్రతకు మాత్రమే పరిమితమైన ఒక నియమం చెప్పాడు: వేడిచేస్తే సమతాస్థితి ఉష్ణాన్ని గ్రహించే వైపుకు జరుగుతుంది. అదే ఏడాది హెన్రీ లీ ఛాటెలియర్ దాన్ని పీడనానికీ గాఢతకూ విస్తరించాడు. ఆయన మొదటి వాక్యం చాంతాడంత పొడవు, చదవడానికి కష్టం. కానీ అందులో ఒక విలువైన వివరం ఉంది. పీడనం, గాఢత, యూనిట్ ఘనపరిమాణంలోని అణువుల సంఖ్య, ఈ మూడింటినీ ఆయన ‘సాంద్రీకరణ’ అనే ఒక్క మాట కింద చేర్చాడు. ఆ మార్పు వ్యవస్థ మొత్తానికైనా, దానిలో కొన్ని భాగాలకైనా కావచ్చన్నాడు. 1888లో ఆయనే సూత్రాన్ని కుదించి చెప్పాడు. తర్వాత పాఠ్యపుస్తకాల్లో ‘మార్పును వ్యవస్థ వ్యతిరేకిస్తుంది’ అనే ముక్క మిగిలింది. ఎవరి పీడనం, ఏది స్థిరంగా ఉండగా అన్నది జారిపోయింది. అన్నట్టు, ఆర్గాన్‌ను కనుగొన్నది 1894లో, అంటే సూత్రం పుట్టిన పదేళ్లకు.

ఈ అస్పష్టతను 1911లో భౌతిక శాస్త్రవేత్త పాల్ ఎరెన్‌ఫెస్ట్ గట్టిగానే ఎత్తిచూపాడు. పీడనం లాంటి రాశికీ, ఘనపరిమాణం లాంటి రాశికీ ఒకే వాక్యాన్ని అన్వయిస్తే ఎదురెదురు ఫలితాలు రాబట్టవచ్చని ఆయన వాదం. ఆ విమర్శ తరగతి గదుల దాకా పెద్దగా రాలేదు.

వ్యతిరేకించడం అన్న మాట పక్కనపెట్టి, చర్యా భాగఫలం Q, సమతాస్థితి స్థిరాంకం K పోల్చి చూస్తే చిక్కు విడిపోతుంది. Q కంటే K పెద్దదైతే చర్య ముందుకు, చిన్నదైతే వెనక్కు. N₂ + 3H₂ ⇌ 2NH₃ చర్యకు పాక్షిక పీడనాలతో Q రాసి, వాటిని మోల్‌లలోకి మారిస్తే ఇలా వస్తుంది:

Q = n(NH₃)² × N² / ( n(N₂) × n(H₂)³ × P² )

ఇక్కడ n ఆయా వాయువు మోల్‌ల సంఖ్య, P మొత్తం పీడనం. N పాత్రలోని వాయువు మోల్‌ల మొత్తం. ఆర్గాన్ ఉంటే అదీ ఇందులో కలుస్తుంది.

500 °C దగ్గర ఈ చర్యకు K విలువ సుమారు 1.45 × 10⁻⁵ (అట్మాస్ఫియర్ లెక్కలో). నైట్రోజన్ 2, హైడ్రోజన్ 6, అమోనియా 2 మోల్‌లు ఉన్న మిశ్రమం తీసుకుందాం. P² తప్ప మిగతా భాగం 400/432, అంటే 0.926. ఆదర్శ వాయువులనుకుంటే ఈ మిశ్రమం సుమారు 253 అట్మాస్ఫియర్ల దగ్గర సమతాస్థితిలో ఉంటుంది.

ముషలకాన్ని నొక్కి పీడనాన్ని రెట్టింపు చేస్తే P² నాలుగు రెట్లవుతుంది, Q నాలుగో వంతుకు పడిపోతుంది, చర్య ముందుకు సాగుతుంది. కంఠస్థ నియమం ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే నొక్కినప్పుడు ప్రతి వాయువు పాక్షిక పీడనమూ పెరిగింది.

ఇప్పుడు నొక్కడం మాని, 2 మోల్‌ల ఆర్గాన్ కలుపుదాం. ఘనపరిమాణం స్థిరమైతే N, P రెండూ 1.2 రెట్లు పెరుగుతాయి. N²/P² మారదు, Q మారదు. గేజీ చూపే పెరుగుదల అంతా ఆర్గాన్‌దే. పీడనం స్థిరమైతే కథ వేరు. N మాత్రమే 10 నుంచి 12కు పెరుగుతుంది, 0.926 కాస్తా 1.333 అవుతుంది, చర్య వెనక్కు నడుస్తుంది. కొత్త సమతాస్థితిని లెక్కిస్తే అమోనియా 2 మోల్‌ల నుంచి సుమారు 1.8కి తగ్గుతుంది. ఆర్గాన్ ఎవరితోనూ చర్య జరపలేదు. ముషలకాన్ని బయటికి తోసి మిగతావాటిని పలచబరిచింది, అంతే. అందుకే ‘జడ వాయువు కలిపితే’ అని మాత్రమే అడిగే ప్రశ్న అసంపూర్ణం.

అసలు పరీక్ష ఆర్గాన్ కాదు, నైట్రోజనే. నైట్రోజన్ 6, హైడ్రోజన్ 3, అమోనియా 1 మోల్ ఉన్న మరో మిశ్రమం సమతాస్థితిలో ఉందనుకోండి. పీడనం మారకుండా 2 మోల్‌ల నైట్రోజన్ కలిపితే? క్రియాజనకం పెరిగింది కాబట్టి చర్య ముందుకేనని నియమం అంటుంది. లెక్క చూడండి: కలపకముందు 100/162, అంటే 0.617. కలిపాక 144/216, అంటే 0.667. Q పెరిగింది. నైట్రోజన్ కలిపితే అమోనియా విడిపోయి మరింత నైట్రోజన్ పుడుతుంది!

కారణం ఘాతాంకాల్లో ఉంది. నైట్రోజన్ వాటా 0.6 నుంచి 0.667కు పెరిగింది, అంటే 1.11 రెట్లు. కానీ హైడ్రోజన్ వాటా 0.3 నుంచి 0.25కు పడింది, పైగా దానికి ఘనం ఉంది, అదొక్కటే 0.58 రెట్లకు దించుతుంది. అమోనియా వాటా కూడా పడింది గానీ దానికి వర్గమే. హారం లవం కంటే ఎక్కువగా తగ్గింది. ఈ తిరకాసు నైట్రోజన్ మోల్ భాగం 0.5 దాటినప్పుడే కనిపిస్తుంది. 2:6:2 మిశ్రమంలో ఇదే పని చేస్తే 0.926 నుంచి 0.667కు దిగి చర్య ముందుకే వెళ్తుంది. ఘనపరిమాణం స్థిరంగా ఉంటే ఈ విడ్డూరమే లేదు, ఎప్పుడూ ముందుకే.

ఉష్ణోగ్రత సంగతి వేరు. మోల్‌లూ పీడనమూ మార్చకుండా వేడిచేస్తే Q ఉన్నచోటే ఉంటుంది, కదిలేది K. అమోనియా ఏర్పడటం ఉష్ణమోచకం కాబట్టి 400 °C దగ్గర 1.64 × 10⁻⁴ ఉన్న K, 500 °Cకి పదకొండో వంతుకు పడిపోతుంది. ‘వేడిని ఉత్పన్నంగా రాసుకోండి’ అనే చిట్కా దిశ సరిగ్గానే చెబుతుంది గానీ, దానివల్ల వేడి కూడా గాఢత లాంటిదే, K మారదు అనే పొరపాటు పిల్లల్లో పాతుకుపోతుంది.

1913లో జర్మనీలోని ఓపావులో మొదలైన అమోనియా కర్మాగారం నాటి నుంచీ చర్య జరగని వాయువును మళ్లీమళ్లీ తిప్పే పద్ధతే ఉంది. గాలి నుంచి నైట్రోజన్ తీసుకునే చోట, గాలిలోని 0.93 శాతం ఆర్గాన్ పూర్తిగా తొలగకపోతే ఆ చక్రంలోకి చేరుతుంది. అమోనియా ద్రవమై బయటికి పోతుంది, ఆర్గాన్ తిరుగుతూ పేరుకుంటుంది. కంప్రెసర్ పీడనాన్ని స్థిరంగా నిలుపుతుంది కాబట్టి ఇది పైన చూసిన రెండో సందర్భమే: గేజీ 200 అట్మాస్ఫియర్లే చూపిస్తున్నా, అందులో పదో వంతు జడ వాయువులదైతే చర్యలో పాల్గొనేవాటికి మిగిలేది 180. గేజీ కదలకుండానే అమోనియా శాతం దిగజారుతూ ఉంటే తిరిగే వాయువును విశ్లేషించి చూడాలి. ఆర్గాన్ పెరిగిందని తేలితే అందులో కొంత భాగాన్ని నిరంతరం బయటికి వదులుతారు. దాంతోపాటు ఖరీదైన హైడ్రోజన్ కూడా పోతుంది కాబట్టి ఆర్గాన్‌ను పూర్తిగా వదిలించుకోరు, ఒక హద్దులో ఉంచుతారు.