స్లైడ్లకు క్రియాపదాలు తగిలిస్తే హ్యాండౌట్ అవుతుందా? అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ విద్యార్థులకు సర్క్యూట్లు బోధించే నా దగ్గరికి, సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడగానే కొత్తగా చేరిన అధ్యాపకులు ఒకే ప్రశ్నతో వస్తుంటారు: "మ్యాటరంతా స్లైడ్లలోనే ఉంది కదండీ, బుల్లెట్లను వాక్యాలుగా మార్చి ఇస్తే సరిపోదా?" సిలబస్ పూర్తికాక, మార్కుల లెక్కలు తేలక సతమతమయ్యే వారి ఆందోళన నాకు తెలుసు. అయినా సరిపోదనే చెబుతాను, ఎందుకంటే విద్యార్థులకు ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే.

స్లైడులో ఉండేది చెప్పేవాడు మరిచిపోకూడని మాట మాత్రమే. వినేవాడికి అవసరమైన షరతులు, కారణాలు నోటితో చెప్పేస్తాం కనుక అవి తెరమీదికి రానే రావు. మాగ్జిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరం మీద సాధారణంగా కనిపించే స్లైడును చూడండి.

```
R_L = R_s → P_max
P_max = V_s² / 4R_s
η = 50%
```

దీనికి క్రియాపదాలు తగిలిస్తే "లోడ్ నిరోధం సోర్స్ నిరోధానికి సమానమైనప్పుడు పవర్ గరిష్ఠంగా ఉంటుంది" అనే వాక్యం వస్తుంది. వ్యాకరణపరంగా అందులో తప్పేమీ లేదు. కానీ రెండు నిరోధాలలో ఏది మన చేతిలో ఉందో, ఏది మారదో అది చెప్పదు. ఆ రోజు తరగతికి రాని విద్యార్థి దాన్ని చదివి, లోడ్ స్థిరంగా ఉండి సోర్స్ నిరోధాన్ని ఎంచుకోమన్న లెక్కలో కూడా రెండింటినీ సమానం చేసి వస్తాడు. ఇంటి కరెంటు సరఫరా కూడా ఈ సూత్రం మీదే నడుస్తుందని వైవాలో ధీమాగా చెప్పినవారిని నేను చాలామందిని చూశాను.

అందుచేత హ్యాండౌట్ రాసేటప్పుడు ప్రతి బాణం గుర్తు దగ్గరా ఆగి, "ఏది మారుతోంది, ఏది మారడం లేదు, ఎందువల్ల?" అని అడగాలి. అప్పుడు వాక్యం ఇలా తయారవుతుంది: "సోర్స్ వోల్టేజీ, దాని అంతర్గత నిరోధం స్థిరంగా ఉండి, లోడ్ నిరోధాన్ని మాత్రమే మార్చగలిగినప్పుడు, ఆ నిరోధం అంతర్గత నిరోధానికి సమానమైన చోట లోడ్‌కు అత్యధిక పవర్ అందుతుంది. లోడ్ నిరోధం అంతకన్నా తగ్గితే కరెంటు పెరిగినా, లోడ్ మీద వోల్టేజీ అంతకు మించి పడిపోతుంది. పెరిగితే వోల్టేజీ పెరిగినా, కరెంటు అంతకు మించి తగ్గిపోతుంది."

ఆ వెంటనే చేసి చూపిన లెక్క ఉండాలి. 12 వోల్టుల సోర్స్, 4 ఓమ్‌ల అంతర్గత నిరోధం తీసుకుందాం. లోడ్ 4 ఓమ్‌లైతే, రెండు నిరోధాలూ సిరీస్‌లో ఉన్నాయి కనుక మొత్తం 8 ఓమ్‌లు, కరెంటు 1.5 ఆంపియర్లు, లోడ్‌కు అందేది 9 వాట్లు. లోడ్‌ను 2 ఓమ్‌లు చేస్తే కరెంటు 2 ఆంపియర్లకు పెరిగినా పవర్ 8 వాట్లే. లోడ్‌ను 8 ఓమ్‌లు చేస్తే కరెంటు 1 ఆంపియర్, పవర్ మళ్లీ 8 వాట్లే. శిఖరం మధ్యలో ఉందని అవకలనం చేయకముందే విద్యార్థికి కనిపిస్తుంది.

చాలా హ్యాండౌట్లు ఇక్కడే ఆగిపోతాయి, కానీ అసలు అవసరమైనది దీని తరువాతి లెక్క. లోడ్‌ను 4 ఓమ్‌ల దగ్గర స్థిరంగా ఉంచి, సోర్స్ నిరోధాన్ని 2 ఓమ్‌లకు తగ్గిస్తే కరెంటు 2 ఆంపియర్లు, పవర్ 16 వాట్లు. నిరోధాలు సమానంగా లేకపోయినా పవర్ 9 నుంచి 16కు పెరిగింది! సూత్రం ఎక్కడ వర్తించదో చూపే ఇలాంటి లెక్క ఒక్కటి ఉంటే, వైవాలో పైన చెప్పిన జవాబు రాదు. 50 శాతం దక్షత సంగతి కూడా ఇక్కడే తేలుతుంది: 4 ఓమ్‌ల లోడ్‌తో సోర్స్ ఇచ్చే 18 వాట్లలో సగం లోపలే వేడిగా పోతుంది, 8 ఓమ్‌ల లోడ్‌తో 12 వాట్లలో 8 లోడ్‌కు చేరతాయి. సరఫరా సంస్థలు నిరోధాలను సమానం చేయకుండా సోర్స్ వైపు నిరోధాన్ని వీలైనంత తక్కువగా ఉంచేది అందుకే.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. స్లైడ్లను పీడీఎఫ్ చేస్తే బొమ్మలైనా పనికొస్తాయనుకుంటారు; యానిమేషన్‌తో ఒకదాని తరువాత ఒకటి వచ్చిన బొమ్మలన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కనుక, వాటిని దశలవారీగా విడదీసి మళ్లీ పెట్టుకోవాలి. స్లైడుకొక పేరా రాయాలన్న నియమమూ లేదు. ఒకే ప్రశ్నకు చెందిన నాలుగు స్లైడ్లు ఒక పేరాలో ఇమిడిపోవచ్చు, పైన చూసినట్లు ఒకే స్లైడుకు రెండు పేజీలు పట్టవచ్చు. హ్యాండౌట్ ఇస్తే తరగతికి ఎవరూ రారన్న మాట స్టాఫ్ రూముల్లో తిరిగే పుకారు. దాన్ని పట్టుకుని వచ్చినవారితో నేను వాదించడం మానేశాను.

రాయడం తరగతి ముగిసిన రోజే మొదలుపెట్టండి, నోటితో చెప్పిన షరతులు వారం తరువాత గుర్తుండవు. పూర్తయ్యాక ఆ రోజు రాని విద్యార్థికి ఇచ్చి, లోడ్ స్థిరంగా ఉన్న లెక్క ఒకటి చేయమనండి. అతను మళ్లీ రెండు నిరోధాలనూ సమానం చేస్తే, సరిదిద్దవలసింది షరతు చెప్పిన వాక్యాన్నే.